గర్భిణికి పరగడుపు షుగర్ మాత్రమే ఎక్కువగా ఉంటే

ప్రశ్న: నాకు ఏడో నెల. తిన్న గంటకు షుగర్ 125–130 ఉంటోంది, పరగడుపున మాత్రం 98–104 వస్తోంది. రాత్రి భోజనం మానేస్తే తగ్గుతుందా? బిడ్డకు ప్రమాదమా?

మానేయకండి. తిన్న గంటకు 140 లోపు ఉండాలి కాబట్టి మీ ఆహారం బాగానే ఉంది. పరగడుపున 95 లోపు ఉండాలి, తేడా అక్కడే. రాత్రంతా కాలేయం రక్తంలోకి గ్లూకోజ్ వదులుతుంది. దాన్ని ఇన్సులిన్ అదుపు చేయాలి. మాయ నుంచి వచ్చే హార్మోన్లు ఇన్సులిన్‌ను సరిగా పనిచేయనివ్వవు. పస్తుంటే కాలేయం ఆగదు, పైగా కొవ్వు కరిగినప్పుడు పుట్టే కీటోన్లు రక్తంలో పెరుగుతాయి.

రాత్రి భోజనంలో పిండిపదార్థం కొంత తగ్గించి, పడుకునే ముందు మాంసకృత్తులున్న చిన్న అల్పాహారం తీసుకోండి. చేతులు కడుక్కుని, లేవగానే పరీక్షించి, అంకెలు రాసిపెట్టుకోండి. కానీ ఈ వారమే డాక్టరుకు చూపించండి. పరగడుపు షుగర్ చాలాసార్లు ఆహారంతో మాత్రమే దిగదు. రాత్రి ఇన్సులిన్ ఇస్తే అది మీ తప్పు కాదు. ఇన్సులిన్ మాయను దాటి బిడ్డను చేరదు.

గ్లూకోజ్ మాత్రం చేరుతుంది. బిడ్డ తన ఇన్సులిన్‌ను ఎక్కువగా తయారుచేసుకుని, భుజాల దగ్గర కొవ్వు పట్టి బరువు పెరుగుతుంది, కాన్పు కష్టమవుతుంది. పుట్టాక మీ గ్లూకోజ్ ఆగిపోయినా ఆ ఇన్సులిన్ మిగిలి ఉండటంతో బిడ్డ షుగర్ పడిపోవచ్చు. అందుకే తొలి గంటల్లోనే పాలు పట్టి పరీక్షిస్తారు.

మీకు రక్తపోటు పెరిగే అవకాశం ఎక్కువ. తీవ్రమైన తలనొప్పి, చూపు మసక, బిడ్డ కదలికలు తగ్గడం ఉంటే వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. కాన్పయ్యాక 4–12 వారాల్లో మళ్లీ గ్లూకోజ్ పరీక్ష చేయించుకోండి.