మూడు కొటేషన్లలో నిజంగా చౌక ఏది?

ప్రశ్న: మా వారికి మహబూబ్‌నగర్ నుంచి బెంగళూరుకు బదిలీ అయింది. సామాను తరలింపునకు మొదటి సంస్థ రూ.27,000 చెప్పింది (400 సీఎఫ్‌టీ, ప్యాకింగ్, జీఎస్టీ, 3 శాతం ఇన్సూరెన్స్ అదనం). రెండోది రూ.33,500 (320 సీఎఫ్‌టీ, ప్యాకింగ్ కలిపి, జీఎస్టీ, 1.5 శాతం ఇన్సూరెన్స్ అదనం). మూడోది జీఎస్టీతో సహా అన్నీ కలిపి రూ.38,000 అంటోంది కానీ ఇన్సూరెన్స్ మాట ఎత్తలేదు. సామాను విలువ రూ.3 లక్షల దాకా ఉంటుంది. మొదటి వారికే ఇవ్వమంటారా? – ఒక పాఠకురాలు, మహబూబ్‌నగర్

జవాబు: ఇప్పుడే అడ్వాన్సు ఇవ్వకండి. ఒకే ఇంటి సామానుకు ఒకరు 400, మరొకరు 320 ఘనపుటడుగులు రాశారంటే, వారిలో ఒకరైనా సామాను చూడకుండా ఫోన్‌లోనే లెక్క వేసి ఉంటారు. టేపు తీసుకుని పొడవు, వెడల్పు, ఎత్తులను అడుగుల్లో కొలిచి హెచ్చించండి. ఆరున్నర అడుగుల ఎత్తు, మూడడుగుల వెడల్పు, అడుగున్నర లోతు ఉన్న బీరువా సుమారు 29 సీఎఫ్‌టీ అవుతుంది. అన్ని వైపులా అడుగున్నర ఉండే అట్టపెట్టెలు ఇరవై అయితే 68 దాకా వస్తాయి. మంచాన్ని మాత్రం విడదీశాక ఎంత జాగా పడుతుందో అంతే లెక్కలోకి తీసుకోవాలి. మొదటి వారి ధర సీఎఫ్‌టీకి రూ.67.50 చొప్పున కనిపిస్తున్నా, మీ కొలత 320 దగ్గర తేలితే మీకు పడేది రూ.84కు పైమాటే, అదీ ప్యాకింగ్ కలపకుండా. పరిమాణం తక్కువ రాసిన వారితో ఇంకో రకం చిక్కు ఉంటుంది. లోడింగ్ రోజున సగం సామాను లారీ ఎక్కాక "పెరిగింది మేడం" అంటారు. అందుకే వస్తువుల జాబితాను కొటేషన్‌కు జతపరచమని ముగ్గురినీ అడగండి.

దూరం విషయంలో మీ ఊరికి ఒక ప్రత్యేకత ఉంది. బెంగళూరు వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారి మీకు దగ్గర్లోని జడ్చర్ల మీదుగానే పోతుంది, కాబట్టి నేరుగా వెళ్తే సుమారు 480 కిలోమీటర్లే. కానీ హైదరాబాద్ సంస్థలు, ముఖ్యంగా షేరింగ్ లోడ్‌లో పంపేవారు, మీ సామానును ముందు వంద కిలోమీటర్లు వెనక్కి తమ గోదాముకు తీసుకెళ్లి, అక్కడ వేరే బండికి మార్చే అవకాశం ఉంది. దానివల్ల దూరం పెరగడం ఒక నష్టమైతే, దించి ఎక్కించడం ఇంకోసారి జరగడం అంతకన్నా పెద్ద నష్టం, ఎందుకంటే అద్దాలు పగిలేది, బీరువా తలుపులు వంగేది ఎక్కువగా అప్పుడే. బండి మీ ఇంటి నుంచి నేరుగా వెళ్తుందా, మధ్యలో మారుతుందా అన్నది రాతపూర్వకంగా తీసుకోండి.

ఇక మూడింటినీ ఒకే కొలమానంలోకి తెద్దాం. ఈ సేవలపై సాధారణంగా వేసే 18 శాతం జీఎస్టీనే తీసుకుంటున్నాను. మొదటి వారి ప్యాకింగ్‌కు రూ.6,000 అనుకుంటే (బబుల్ ర్యాప్, అట్టపెట్టెలు, స్ట్రెచ్ ఫిల్మ్ ఎంత వాడితే అంత అనే షరతు ఉంటే ఇది ఇంకా పెరగవచ్చు), పన్నుతో రూ.38,940, ఇన్సూరెన్స్ రూ.9,000 కలిపి రూ.47,940 అవుతుంది. రెండో వారిది పన్నుతో రూ.39,530, ఇన్సూరెన్స్‌తో రూ.44,030. మూడో వారికి అదే 1.5 శాతం బీమా కలిపినా రూ.42,500 దాటదు. అంటే మీకు చౌకగా కనిపించినదే అన్నిటికన్నా ఖరీదైనది.

అయితే ఇన్సూరెన్స్ పేరుతో తీసుకునే ప్రతి రూపాయీ బీమా కంపెనీకి చేరుతుందనుకోకండి. కొందరు ఆ సొమ్మును "రిస్క్ ఛార్జీ"గా తమ దగ్గరే ఉంచుకుంటారు. లారీ కదలకముందే బీమా కంపెనీ పేరు, పాలసీ నంబరు, మీ పేరు, బయలుదేరే చోటు, చేరే చోటు, బీమా మొత్తం ఉన్న సర్టిఫికెట్ చేతికి రావాలి. అందులో అన్ని రకాల నష్టాలకూ రక్షణ ఉందా, లేక అగ్నిప్రమాదం, బండి బోల్తా పడడం వంటి కొన్నింటికే ఉందా చూడండి. రెండో రకం పాలసీలో కుదుపులకు పగిలిన టీవీకి ఏమీ రాదు. పైకి దెబ్బ కనిపించకుండా ఫ్రిజ్ పనిచేయకపోతే మొదటి రకంలోనూ సాధారణంగా క్లెయిము ఇవ్వరు. ప్రీమియం తగ్గుతుందని విలువను రూ.1.5 లక్షలే చూపిస్తే, చాలా పాలసీలలో రూ.20,000 నష్టానికి రూ.10,000 మాత్రమే చేతికి వస్తుంది. నగలు, నగదు, ఒరిజినల్ పత్రాలు మీ వెంటే ఉంచుకోండి.

నా సూచన మూడో సంస్థ వైపే. వారి చేత బీమా సర్టిఫికెట్, నేరుగా వెళ్లే బండి, అదనపు వసూళ్లు ఉండవన్న మాట రాయించుకోండి; వారు బీమా చేయించకపోతే బీమా కంపెనీ నుంచి నేరుగా తీసుకోవడానికి వీలుందేమో కనుక్కోండి. ఇవేవీ కుదరకపోతే, సుమారు రూ.1,500 ఎక్కువైనా రెండో సంస్థే నయం. బెంగళూరులో డెలివరీ కాగితంపై సంతకం పెట్టేముందు పగిలినవి, తగ్గినవి అందులోనే రాసి, ఫొటోలు తీసి, అదే రోజు బీమా కంపెనీకి తెలపండి. రవాణా సంస్థపై కోర్టుకు వెళ్లాల్సి వస్తే, బుకింగ్ తేదీ నుంచి 180 రోజుల్లోగా రాతపూర్వక నోటీసు ఇవ్వాలని 2007 నాటి రోడ్డు రవాణా చట్టం చెబుతోంది, కాబట్టి లారీ రసీదును పారేయకండి. బదిలీ ఖర్చును మీ వారి కార్యాలయం తిరిగి చెల్లించేటట్లయితే ఆ రసీదుతో పాటు జీఎస్టీ బిల్లు కూడా అడగవచ్చు. చేతిరాత కాగితంతో సరిపెట్టే సంస్థ దగ్గర అది దొరకదు.