రెజ్యూమెకు సరిపోయేలా సెల్ఫ్ ఇంట్రడక్షన్ ఎలా తయారు చేసుకోవాలి?

జాబ్ ఫెయిర్‌లో "మీ గురించి చెప్పండి" అనగానే టెన్షన్‌తో రెజ్యూమె మొత్తం అప్పజెప్పేస్తున్నాను. ఏం చెప్పాలి?

మూడే చెప్పండి: ఇప్పుడు ఏం చేస్తున్నారు, రెజ్యూమెలోని ఒక పని, ఈ ఉద్యోగం ఎందుకు. సగానికి పైగా సమయం ఆ పనికే ఇవ్వండి. తర్వాతి ప్రశ్న ఎక్కువగా అక్కడి నుంచే వస్తుంది.

రెజ్యూమెలో "స్టాక్ నిర్వహణ ప్రాజెక్ట్, నలుగురి టీమ్, డేటాబేస్" అని ఉందనుకోండి. దాన్ని ఇలా మాటల్లో పెట్టవచ్చు:

"కంప్యూటర్ సైన్స్ చివరి సంవత్సరం చదువుతున్నాను. నలుగురం కలిసి షాపు స్టాక్ లెక్క చూసే ప్రోగ్రామ్ చేశాం. అందులో డేటాబేస్ భాగం నాది. ఒకే సరుకు రెండుసార్లు నమోదవుతుంటే, ప్రతి సరుకుకూ వేరే కోడ్ ఇచ్చి దాన్ని ఆపాను. మీ దగ్గర డేటా పని ఉందని చూసి వచ్చాను."

స్టాల్ దగ్గర ఈ అరనిమిషం చాలు. ఇంటర్వ్యూలో ఆ కోడ్ సంగతే ఇంకాస్త వివరించి నిమిషం వరకు వెళ్లండి.

చాలామంది దొరికిపోయేది "చేశాం", "చేశాను" దగ్గరే. కాగితం మీద టీమ్ అని ఉండి నోటితో "నేనే చేశాను" అంటే, మిగతా ముగ్గురి పని గురించి కూడా మిమ్మల్నే అడుగుతారు. తేదీలూ అంతే. రెజ్యూమెలో నాలుగు నెలలున్న ఇంటర్న్‌షిప్‌ను మాటల్లో "దాదాపు ఆరు నెలలు" అనకండి.

ఫోన్‌లో రికార్డ్ చేసి వింటూ, చెప్పిన ప్రతి విషయం కింద రెజ్యూమెలో పెన్నుతో గీత గీయండి. గీయడానికి చోటు దొరకని మాట ఉంటే, అది నిజమైతే రెజ్యూమెలో చేర్చండి, కాకపోతే తీసేయండి.