కెపాసిటర్ లెక్కలో రెసిస్టర్ సూత్రం దూరితే

ప్రశ్న: ఎలక్ట్రానిక్స్ బ్రాంచిలో చేరాలని నా కోరిక. రెసిస్టర్ల లెక్కలు బాగానే చేస్తాను. కెపాసిటర్లు వచ్చేసరికి సిరీస్, ప్యారలల్ సూత్రాలు తారుమారైపోతున్నాయి. ఇంట్లో చేస్తే వస్తుంది, మాక్ టెస్టులో మాత్రం తప్పు ఆప్షన్ పెట్టి వస్తున్నాను. ఈ బ్రాంచి నాకు నప్పుతుందా?

జవాబు: బ్రాంచి మార్చుకోవాల్సినంత లోపం కాదిది. రెసిస్టర్ల లెక్కలు వస్తున్నాయంటే సర్క్యూట్ బొమ్మ చదవడం మీకు వచ్చినట్టే. సిరీస్ అని కనబడగానే చెయ్యి దానంతటదే కూడేస్తోంది, అంతే. చాలామంది దీనికి మందుగా ‘కెపాసిటర్లకు అంతా ఉల్టా’ అని గుర్తు పెట్టుకుంటారు. తీరిగ్గా కూర్చున్నప్పుడు ఆ గుర్తు పనిచేస్తుంది. టైమ్ అయిపోతున్నప్పుడు ఉల్టా చేశామా, ఇంకా చేయాలా అన్నది తేలక కొందరు రెండుసార్లు తిప్పేసి మళ్లీ రెసిస్టర్ సూత్రం దగ్గరికే వస్తారు. ఆ గుర్తును వదిలేయండి.

దాని బదులు రెండు నిర్వచనాలను పక్కపక్కన రాసి చూడండి: R = V/I, C = Q/V. మొదటిదానిలో వోల్టేజ్ పైన ఉంది, రెండోదానిలో కింద ఉంది. గొడవంతా ఇక్కడే. సిరీస్‌లో ఉన్నవి రెసిస్టర్లయినా కెపాసిటర్లయినా కూడేది వోల్టేజ్‌లనే. రెసిస్టర్‌కు V = IR, అన్నిటిలో I ఒకటే కాబట్టి R లు కూడుతాయి. కెపాసిటర్‌కు V = Q/C, అన్నిటి మీదా Q ఒకటే కాబట్టి 1/C లు కూడుతాయి. ప్యారలల్‌లో వోల్టేజ్ అందరికీ ఒకటే, కూడేది ఛార్జ్. Q = CV కాబట్టి అక్కడ C లు నేరుగా కూడుతాయి. సూత్రం మర్చిపోయినా ఈ నాలుగు ముక్కలతో పేపర్ మూల మీద మళ్లీ రాబట్టుకోవచ్చు.

సిరీస్‌లో Q ఎందుకు ఒకటే అవుతుందో కూడా తెలిసి ఉండాలి. మొదటి కెపాసిటర్ కుడి ప్లేటు, రెండోదాని ఎడమ ప్లేటు, వాటిని కలిపే తీగ, ఈ మూడూ కలిసి దేనికీ తగలకుండా ఉన్న ఒక లోహపు ముక్క. మొదట దాని మీద ఛార్జ్ లేకపోతే తర్వాత కూడా మొత్తం సున్నాయే. అందుకే ఒక చివర −Q చేరితే రెండో చివర +Q మిగలాలి. ఆ మధ్య ముక్క నుంచి ఇంకో కొమ్మ చీలితే ఈ వాదన చెల్లదు, ఆ రెండూ సిరీస్ కావు. కెపాసిటర్లు ముందే ఛార్జ్ అయి ఉంటే కూడా Q లు సమానమని రాసేయకూడదు.

కళ్లకు కట్టాలంటే ప్లేట్లనే చూడండి. ఒకే రకం కెపాసిటర్లు రెండింటిని సిరీస్‌లో పెట్టడమంటే ప్లేట్ల మధ్య ఎడం రెట్టింపు చేసినట్టు. ఎడం పెరిగితే కెపాసిటెన్స్ తగ్గుతుంది, సగమవుతుంది. ప్యారలల్ అంటే ప్లేట్లను పక్కపక్కన చేర్చి వైశాల్యం రెట్టింపు చేసినట్టు, కాబట్టి కెపాసిటెన్స్ కూడా రెట్టింపు. రెసిస్టర్‌లో తీగ పొడవు పెరిగితే నిరోధం పెరుగుతుంది కదా, తేడా అదే.

ఇప్పుడు ఒక లెక్క చూద్దాం. 6 μF, 12 μF ప్యారలల్‌లో ఉన్నాయి. ఆ జంటకు 9 μF సిరీస్‌లో ఉంది. తుల్య కెపాసిటెన్స్ ఎంత? ఆప్షన్లు 6, 13, 27, 36/13 μF అనుకోండి.

ప్యారలల్ జంట 6 + 12 = 18. దానికి 9 సిరీస్: 1/C = 1/18 + 1/9 = 3/18. తిప్పితే C = 6 μF. 6, 9 ఒకదాని తర్వాత ఒకటి గీసి ఉన్నాయని వాటినే ముందు సిరీస్‌గా తీసుకోవద్దు, వాటి మధ్య బిందువు నుంచి 12 μF కొమ్మ చీలుతోంది.

మిగతా మూడు ఆప్షన్లు ఊరికే వేసినవి కావు. రెసిస్టర్ సూత్రాలను పూర్తిగా దించేస్తే ప్యారలల్ జంట 72/18 = 4, దానికి 9 కూడితే 13. ప్యారలల్ సరిగా చేసి సిరీస్‌ను కూడేస్తే 27. ప్యారలల్‌ను పాడుచేసి సిరీస్ సరిగా చేస్తే 4, 9 లకు 36/13. మీ మాక్ టెస్టు పేపర్లు తీసి, మీరు పెట్టిన తప్పు ఆప్షన్ ఏ దారిలో వస్తుందో ఇలాగే వెనక్కి లెక్కించండి. ఎక్కువసార్లు 27 లాంటిది పెడుతుంటే మీ ఇబ్బంది సిరీస్ మెట్టులోనే. 13 లాంటిదైతే లెక్క మొదలుపెట్టినప్పుడే అది కెపాసిటర్ అని గమనించలేదన్నమాట.

ఆప్షన్ పెట్టే ముందు అయిదు సెకన్లలో చేయగల పరీక్ష ఒకటుంది. సిరీస్ జవాబు అందులోని అతి చిన్న కెపాసిటర్ కంటే తక్కువ ఉండాలి, ప్యారలల్ జవాబు అతి పెద్దదాని కంటే ఎక్కువ ఉండాలి. ఇక్కడ చివరి మెట్టు సిరీస్, అందులో 9 ఉంది. 13, 27 అక్కడే పోయాయి. ప్యారలల్ జంటకు 4 వచ్చినప్పుడు 12 కంటే తక్కువేమిటని ఆగితే 36/13 కూడా పోతుంది. చివర్లో తిప్పడం మరిచి 1/6 దగ్గర ఆగిపోయే పొరపాటును మాత్రం ఈ పరీక్ష పట్టదు, ఎందుకంటే 1/6 కూడా 9 కంటే తక్కువే. అది వేరే అలవాటుగా చూసుకోవాలి. మూడు కెపాసిటర్ల సిరీస్‌కు ‘లబ్ధం బై మొత్తం’ వేయడం మరో తప్పు. ఆ షార్ట్‌కట్ రెండింటికే.

వోల్టేజ్ అడిగితే ఇదే తప్పు ఇంకో రూపంలో వస్తుంది. పై సర్క్యూట్‌కు 12 V ఇస్తే మొత్తం ఛార్జ్ 6 × 12 = 72 μC. 9 μF మీద 72/9 = 8 V, 18 μF జంట మీద 4 V. రెసిస్టర్లలో పెద్దదానికి ఎక్కువ వోల్టేజ్ వస్తుంది, ఇక్కడ చిన్న కెపాసిటర్‌కు ఎక్కువ వస్తుంది. జంటలో ఛార్జ్‌లు 24, 48 μC. కూడితే 72 వస్తుంది కాబట్టి లెక్క సరే.

బ్రాంచిలో చేరాక ఇది ల్యాబ్‌లో ఎదురవుతుంది. పవర్ సప్లైలో 470 μF సరిపోక 940 కావాలని ఇంకో 470 ను సిరీస్‌లో కలిపితే దక్కేది 235 μF. అదే లోడ్ మీద రిపుల్, అంటే డీసీ వోల్టేజ్‌లో మిగిలిపోయే ఎగుడుదిగుడు, తగ్గకపోగా రమారమి రెట్టింపవుతుంది. సిరీస్ పెట్టేది సాధారణంగా ఎక్కువ వోల్టేజ్ తట్టుకోవడానికి. అప్పుడు కూడా చాలాసేపు డీసీ మీద ఉన్న ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ల మధ్య వోల్టేజ్ పంపకాన్ని చివరికి వాటి లీకేజీ కరెంటే నిర్ణయిస్తుంది, లీకేజీ తక్కువ ఉన్నదాని మీద ఎక్కువ వోల్టేజ్ పడుతుంది. అందుకే ఒక్కోదానికి అడ్డంగా సమానమైన రెసిస్టర్ పెడతారు. ఆ రెండు రెసిస్టర్ల మధ్య వోల్టేజ్ పంపకానికి మీకు బాగా వచ్చిన పాత సూత్రమే సరిపోతుంది.