బయోస్కెచ్‌లో ఆ ఒక్క పేరా

హనుమకొండ

చిరంజీవి స్రవంతికి ఆశీస్సులు.

నీవు పంపిన పరిశోధన దరఖాస్తును నిన్న రాత్రి రెండుసార్లు చదివాను. ప్రతిపాదనలో పెద్దగా దిద్దవలసింది లేదు కానీ, నిన్నూ నీ పనినీ పరిచయం చేసే బయోస్కెచ్ పేరాను మాత్రం మొదటి నుంచి రాయాలి. “ఏడు పేపర్లు ప్రచురించాను, వాటి మొత్తం ఇంపాక్ట్ ఫ్యాక్టర్ 16.4, హెచ్-ఇండెక్స్ 3” అని మొదలుపెట్టావు. పేపర్ల పట్టిక దరఖాస్తులో వేరే చోట ఎలాగూ ఉంటుంది. ఇంపాక్ట్ ఫ్యాక్టర్లను కూడడమైతే మరీ పొరపాటు. అది పత్రికకు చెందిన సగటు. అంతకుముందు రెండేళ్లలో ఆ పత్రికలో వచ్చిన వ్యాసాలను ఒక ఏడాదిలో సగటున ఎన్నిసార్లు ఉటంకించారో అది చెబుతుంది తప్ప, నీ వ్యాసం ఎవరికి పనికివచ్చిందో చెప్పదు. పరిశోధకులను దానితో తూచవద్దని 2012లో శాన్‌ఫ్రాన్సిస్కోలో రూపుదిద్దుకున్న డోరా ప్రకటన కోరింది కూడా.

నా మొదటి దరఖాస్తులో నేనూ ఇదే పని చేశాను. పదకొండు పేపర్ల లెక్క రాస్తే, సమీక్షకుడు ఒకే వాక్యం రాసి తిప్పి పంపాడు: “ఇందులో దరఖాస్తుదారుని సొంత ప్రశ్న ఏది?” కోపం వచ్చింది కానీ, నా దగ్గర జవాబు లేదు.

నీ దగ్గర ఉంది. 2021-22లో మన వైపు మిరప తోటలను నల్ల తామర పురుగు దెబ్బతీసినప్పుడు, అందరూ అలవాటు కొద్దీ ఆకులమీదే పురుగులను లెక్కపెట్టేవారు. పాత తామర పురుగు లేత ఆకులను గీకి పై ముడత తెస్తుంది కనుక దానికి ఆ లెక్క సరిపోయేది. కొత్తది ఎక్కువగా పూలలో చేరుతుంది. ఆకు చూసి తోట బాగుందనుకునే లోపే పూత రాలుతుంది. నీవు పరకాల వైపు పన్నెండు తోటల్లో, తోటకు ఇరవై మొక్కల చొప్పున, వారం వారం ఆకును, పూవును విడివిడిగా తెల్ల కాగితంపై తట్టి లెక్కపెట్టావు. ఏడు పేపర్లలో ఈ పని రెండింటిలోనే ఉన్నా, పేరా మొత్తం దీనిమీదే నిలబడాలి. మిగతా అయిదింటిలో నీవు నాలుగో పేరో, అయిదో పేరో. వాటిని ఇక్కడికి లాగకు.

ఆంగ్లంలో నీ మాటల్లోనే రాసుకో, సారం ఇలా ఉంటే చాలు: “మిరపలో నల్ల తామర పురుగు ఉనికిని ఆకుల లెక్కతో సకాలంలో పసిగట్టగలమా అన్నది నా పీహెచ్‌డీ ప్రశ్న. రెండు సీజన్లపాటు పన్నెండు తోటల్లో ఆకు, పూవు లెక్కలను పక్కపక్కన పెట్టి, ఆకుల లెక్క ఎక్కడ దారి తప్పుతుందో చూపాను. నమూనా సేకరణను నేను రూపొందించాను, పురుగులను నేనే గుర్తించాను. గణాంక విశ్లేషణ సహరచయితది. ఆ లెక్కల పట్టికను అందరికీ అందుబాటులో ఉంచాను; మా విభాగంలో మరో ఇద్దరు విద్యార్థులు దానిని వాడుతున్నారు. ఈ పురుగు ఎక్కువగా నేలలో ప్యూపా దశ గడుపుతుంది కనుక, పూలలో తేలే సంఖ్యలో నేల నుంచి వచ్చేది ఎంత, మల్చింగ్ షీటు దానిని తగ్గిస్తుందా అన్నది నా తర్వాతి ప్రశ్న.”

చివరి వాక్యం నీ ప్రతిపాదనలోని మొదటి లక్ష్యానికి నేరుగా అతుకుతుంది. దిశ అంటే ఇదే. “సుస్థిర సస్యరక్షణ రంగంలో కృషి చేయాలని ఆకాంక్ష” అన్న నీ పాత వాక్యాన్ని ఏ కీటక శాస్త్రవేత్త అయినా రాసుకోవచ్చు. విశ్లేషణ నాది కాదని ఒప్పుకుంటే చులకన అవుతానని అనుకోకు. ఆ ఒక్క ముక్కతో మిగిలినదంతా నీదేనని చదివేవారికి నమ్మకం కుదురుతుంది. ఆంగ్లంలో రాసేటప్పుడు పనులన్నీ వాటంతట అవే జరిగినట్టు “వాజ్ డన్” అని రాసే అలవాటు మనవాళ్లకు ఉంది; అక్కడే మనిషి మాయమైపోతాడు. రాశాక నీ పేరు తీసేసి మీ గైడు పేరు పెట్టి చదువు. పేరా అప్పుడూ నిజంగానే అనిపిస్తే, అందులో నీవింకా రాలేదన్నమాట.

“రైతులు మందుల పిచికారీ తగ్గించారు” అన్న వాక్యాన్ని కొట్టేశాను. నీతో ఇద్దరు ముగ్గురు రైతులు అలా అని ఉండవచ్చు కానీ, పిచికారీల రికార్డు నీ దగ్గర లేదు. కమిటీలో ఒక్కరు ఆధారం అడిగినా మిగిలిన నిజాలమీద కూడా అనుమానం పడుతుంది. “మొట్టమొదటిసారి” అన్న మాటనూ అందుకే తీసేశాను. అయితే ఫారంలో పేపర్ల సంఖ్యకో, హెచ్-ఇండెక్సుకో గడి ఉంటే దాచకుండా ఆ గడిలో నింపు. పేరాలోకి మాత్రం తేవద్దు.

విశ్లేషణ చేసిన సహరచయితకు ఆ వాక్యాన్ని ముందుగా చూపించి, సరేననిపించుకో. పన్నెండు తోటల్లో ఒకదానిని రెండో సీజన్‌లో రైతు దున్నేశాడని నీవు ఒకసారి చెప్పినట్టు గుర్తు. అది నిజమైతే రెండో ఏడు పదకొండే అవుతాయి. పంపే ముందు ఫీల్డు పుస్తకం తీసి సరిచూసుకో.

నీ శ్రేయోభిలాషి