‘ఛాతీ 40’ – ఎవరి ఛాతీ?

సందేహం: “మేము లాంగ్ టాపులు ఆన్‌లైన్‌లో అమ్ముతాం. వివరాల్లో ‘ఛాతీ 40, పొడవు 46’ అని తెలుగులోనే రాస్తున్నాం. అయినా సైజు సరిపోలేదని వాపసు వస్తూనే ఉన్నాయి. ‘ఛాతీ’ తెలుగు మాట కాదు, ‘ఎద’ అనో ‘రొమ్ము’ అనో రాయమని ఒకరు చెప్పారు. ఏది సరైనది?” – ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు, కడప జిల్లా

సమాధానం: ‘ఛాతీ’నే ఉంచండి. హిందీ నుంచి వచ్చిందే గానీ, టేపు పట్టుకున్న ప్రతి టైలరు నోటా ఉన్న మాట అది. ‘ఎద’ ఇప్పుడు పాటల్లోనే ఎక్కువ వినబడుతుంది. ‘రొమ్ము’ అని ఆడవాళ్ళ బట్టల పక్కన రాస్తే ఎబ్బెట్టుగా ఉంటుంది. ఇక్కడ చిక్కు ఉన్న మాటతో కాదు, లేని మాటతో.

‘ఛాతీ 40’ అన్నప్పుడు ఆ నలభై వేసుకునే మనిషిదా, టాపుదా? టైలరు కొట్లో ఈ సందేహం రాదు, మనిషి ఎదురుగా నిలబడి ఉంటుంది కాబట్టి. ఫోనులో చదివే మనిషికి ఆ ఆధారం లేదు. సాగని కాటన్ టాపు చుట్టుకొలత ఒంటి కొలత కన్నా రెండంగుళాలైనా ఎక్కువ ఉండాలి. లేకపోతే చెయ్యెత్తితే చంకల దగ్గర పట్టేస్తుంది. మీరు రాసిన 40 టాపుదైతే, ఒంటి కొలత 40 ఉన్నావిడ తెప్పించుకుని “సాల్లేదు” అంటుంది. మీరు రాసింది ఒంటి కొలతైతే, టాపు అసలు 42 ఉంటుంది. ఇంట్లో తనకు సరిపోయే పాత టాపును కొలిచి 40 అని చూసుకున్నావిడ “లూజైంది” అంటుంది. వాపసు కారణాల్లో ఈ రెండింటిలో ఏది ఎక్కువగా ఉందో చూడండి. మీ కొనుగోలుదారులు ఆ అంకెను ఎలా చదువుతున్నారో తెలిసిపోతుంది.

అందుకని ‘ఒంటి కొలత’, ‘బట్ట కొలత’ అని రెండు మాటలు పెట్టుకోండి. రెండూ పల్లెలోనూ పట్నంలోనూ అర్థమయ్యేవే. ఎల్ సైజు టాపును బల్ల మీద ముడతలు లేకుండా పరిచి, ఒక చంక కింది కుట్టు నుంచి రెండో చంక కింది కుట్టు దాకా టేపు పెట్టారనుకుందాం. 21 అంగుళాలు వచ్చింది. అప్పుడు ఇలా రాయండి:

“ఒంటి ఛాతీ చుట్టుకొలత 40 అంగుళాలు ఉన్నవారికి. బట్ట కొలత: పరిచి చంక నుంచి చంకకు 21, చుట్టూ 42 అంగుళాలు. గుడ్డ సాగదు.”

ఇందులో ‘చుట్టు’ అన్న మాటను వదలకండి. ‘వెడల్పు’ అంటే ఒక అంచు నుంచి ఇంకో అంచుకు ఉన్న దూరం. ‘ఛాతీ వెడల్పు 42’ అని రాస్తే అది చొక్కా కాదు, దుప్పటి! పరిచిన కొలతలో అర అంగుళం తేడా పడితే చుట్టుకొలతలో అంగుళం పోతుంది. కాబట్టి ముందు పరిచి సరిగ్గా కొలిచి, తర్వాతే రెట్టింపు చేయండి. బనియన్ గుడ్డలాంటి సాగే రకానికి పైన చెప్పిన రెండంగుళాల లెక్క వర్తించదు. అక్కడ బట్ట కొలత ఒంటి కొలతకు సమానంగానో ఇంకా తక్కువగానో ఉండొచ్చు. అందుకే చివరి ముక్క ‘సాగదు’, ‘సాగుతుంది’ అని ఏదో ఒకటి తప్పకుండా ఉండాలి.

పొడవుకు ‘నుంచి’, ‘దాకా’ రెండూ కావాలి. మెడ పక్కన భుజం కుట్టు నుంచి కింది అంచు దాకా కొలిస్తే వచ్చే అంకె వేరు, వీపు వైపు మెడ మధ్య నుంచి కొలిస్తే వచ్చేది వేరు. మెడ కోత లోతు ఎంత ఉంటే అంత తేడా. “భుజం మీద, మెడ పక్క నుంచి కింది అంచు దాకా 46” అని రాస్తే చాలు. ఉతికితే మూడు శాతం కుంచించుకునే కాటనైతే 46లో అంగుళం పైనే పోతుంది. కొలత ఉతకముందుదో, ఉతికాకదో కూడా చెప్పండి.

మీరు అడగకపోయినా ఇంకొకటి. చాలా పట్టికల్లో ‘38 నుంచి 40 వరకు – ఎల్’, ‘40 నుంచి 42 వరకు – ఎక్స్ఎల్’ అని కనబడుతుంది. సరిగ్గా 40 ఉన్నావిడ రెండు గళ్ళలోనూ ఉంది! ‘నుంచి’ అన్నా ‘వరకు’ అన్నా ఆ చివరి అంకెను కలుపుకున్నట్టే వినబడుతుంది. దీనికి తెలుగులో మంచి జంట ఉంది: ‘దాటి’, ‘దాకా’. “38 దాటి 40 దాకా – ఎల్, 40 దాటి 42 దాకా – ఎక్స్ఎల్.” ఇలా రాస్తే 40 ఉన్నావిడకు ఎల్, నలభైన్నర ఉన్నావిడకు ఎక్స్ఎల్.