పండుగ శుభాకాంక్షల్లో ‘మేము’ ఎవరు?

*సందేహం:* మా క్లినిక్ గోడకు పెట్టడానికి పండుగ నోటు రాశాను. పేషెంట్లూ సిబ్బందీ ఇద్దరూ చదువుతారు. ‘మా గౌరవనీయ రోగులకు, మా సిబ్బందికి శుభాకాంక్షలు తెలియజేయడమైనది. మీ ఆరోగ్యమే మా ధ్యేయం. మళ్లీ మళ్లీ సేవచేసే అవకాశం కల్పించగలరు’ అన్నాను. ప్రకటనలా ఉందంటున్నారు. ఎక్కడ సరిచేయాలి?

*సమాధానం:* ముందు చివరి వాక్యం తీసేయండి. బట్టల కొట్టులో ‘మళ్లీ రండి’ అంటే మర్యాద. వైద్యం దగ్గర అంటే మళ్లీ జబ్బుపడమన్నట్టే. ధ్యేయం మాట బోర్డు మీది నినాదం, అదీ వద్దు.

‘తెలియజేయడమైనది’లో తెలియజేసిన మనిషే లేడు. ఆఫీసు నోటీసుకు అది చెల్లుతుంది గానీ, ఆకాంక్ష అంటే కోరిక కదా, కోరుకునేవాళ్లు కనబడాలి. ‘కోరుకుంటున్నాం’ అంటే చాలు.

అసలు చిక్కు ‘మా’తో వచ్చింది. తెలుగులో ‘మేము’ అంటే వినేవారు అందులో లేరని, ‘మనం’ అంటే వాళ్లూ ఉన్నారని. పేషెంట్లతో ‘మేము’ అన్నప్పుడు అందులో మీరూ మీ సిబ్బందీ ఉంటారు, అది సరిపోతుంది. అదే గోడ మీద ‘మా సిబ్బందికి’ అని చదివిన నర్సుకు మాత్రం, యజమాని ఇంకెవరితోనో తన గురించి చెబుతున్నట్టుంటుంది. ఆమెతో మాట్లాడేటప్పుడు మీ ‘మేము’లో మీరు తప్ప ఎవరూ మిగలరు. అక్కడ ‘నేను’ అనాలి, కలిసి చేసిన పనికి ‘మనం’ అనాలి. అందుకే ఇద్దరికీ ఒకే వాక్యం కుదరదు, రెండు పేరాలు చేయండి.

ఇక ‘రోగులు’. వచ్చినవారిలో నయమైనవారు ఉంటారు, తోడుగా వచ్చినవారు ఉంటారు. రిజిస్టర్‌లో ఆ మాట ఉండొచ్చు గానీ పండుగపూట మనిషిని జబ్బు పేరుతో పిలవడం నాకు నచ్చదు. ‘మీరు’ అని నేరుగా పలకరిస్తే ‘గౌరవనీయ’ అవసరం కూడా ఉండదు. నేనైతే ఇలా రాస్తాను:

“అందరికీ పండుగ శుభాకాంక్షలు.

ఒంట్లో బాగాలేనప్పుడు మమ్మల్ని నమ్మి వచ్చిన మీకూ, మీ వెంట ఓపిగ్గా కూర్చున్న మీవాళ్లకూ ఈ పండుగ హాయిగా గడవాలని కోరుకుంటున్నాం.

నాతో కలిసి పనిచేస్తున్న మీ అందరికీ ఒక మాట. వచ్చినవారికి ధైర్యం చెప్పింది మీరు, వేళకు మందులిచ్చింది మీరు, గదులు శుభ్రంగా ఉంచింది మీరు. మనం కలిసి చేసిన ఈ పనికి నేను మీకు రుణపడి ఉన్నాను. మీ ఇళ్లలో పండుగ సంతోషంగా జరగాలి.”

కింద క్లినిక్ పేరు కాకుండా మీ పేరే రాయండి. పైన ‘నేను’ అన్నారు కాబట్టి ఆ నేను ఎవరో తెలియాలి. పండుగ సెలవు, అత్యవసరమైతే ఫోన్ చేయాల్సిన నంబరు వేరే కాగితం మీద పెట్టండి. ఆ కాగితానికి ‘క్లినిక్‌కు సెలవు’ అన్న పొడి నోటీసు భాషే తగినది.