రెండు సైజులు పెద్దది కొనకు

అమ్మడూ,

నువ్వు పంపిన రెండు టాప్‌ల ఫోటో చూశాను. "కడుపుతో ఉన్నాను, ఎలాగూ లావవుతాను కదా పెద్దమ్మా, రెండు సైజులు పెద్దవి తీసుకున్నా, సరిపోతాయా" అని అడిగావు. ఫోన్‌లో చెబితే సగం మర్చిపోతావని రాస్తున్నాను. సరిపోవు. వెనక్కి తీసుకునే గడువు ఉంటే ఇచ్చేసెయ్.

మొదటి కాన్పుకి నేనూ ఇదే పని చేశాను. నాలుగో నెలలో రెండు సైజులు పెద్దవి నాలుగు టాప్‌లు కొన్నాను. భుజం కుట్టు జారి చేతి మీదికి వచ్చేసింది. మెడ వెడల్పై, కాస్త వంగితే చాలు లోపలివన్నీ కనబడేవి. చంకలు కిందికి వేలాడేవి, చెయ్యెత్తితే టాప్ మొత్తం పైకి లేచేది. ఇంత వదులుగా ఉన్న బట్ట ఎనిమిదో నెలకి పొట్ట దగ్గర మాత్రం పట్టేసింది! ముందు అంచు జానెడు పైకి లేచింది, వెనకది ఉన్నచోటే ఉంది. అద్దంలో చూసుకుని నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

కారణం చిన్నదే. సైజు పెరిగితే భుజం, మెడ, చంక, ఛాతీ అన్నీ కొంచెం కొంచెం పెరుగుతాయి. మనకి భుజాలు పెరగవు కదా. పెరిగేవి ఛాతీ, దాని కింద పక్కటెముకల చుట్టు, పొట్ట. ఆ పొట్ట కూడా ముందుకే వస్తుంది. అందుకే బట్టకి చుట్టుకొలత ఒక్కటి పెరిగితే చాలదు, ముందువైపు పొడవు కూడా కావాలి. గర్భిణుల కోసమే కుట్టిన టాప్‌ని మంచం మీద పరిచి చూడు. పొట్ట దగ్గర సైడ్ కుట్టులో చిన్న చిన్న కుచ్చులు ఉంటాయి, లేదా ముందు అంచు వెనక అంచు కన్నా కిందికి ఉంటుంది. పొట్ట పెరిగేకొద్దీ ఆ కుచ్చులు విచ్చుకుంటాయి. ఇవేవీ లేకుండా ఊరికే వెడల్పుగా ఉంటే అది మామూలు పెద్ద సైజు టాపే, ట్యాగ్ మీద ఏం రాసినా సరే. ఇంకో సంగతి, ఇలాంటి బట్టలకి సైజులు చాలావరకు గర్భానికి ముందున్న కొలతతోనే ఇస్తారు. నువ్వు పెళ్ళినాటి నుంచి మీడియమే కదా, మీడియమే చూడు.

మామూలు బట్టల్లోనే కొంటానంటే, ఛాతీ కిందనుంచే వదులుగా విచ్చుకునే గౌనులాంటివి తీసుకో. నడుము దగ్గర కుట్టు ఉన్నవి వద్దు. ఆ కుట్టు ఇవాళ ఉన్నచోట రెండు నెలల తర్వాత ఉండదు.

ట్రయల్ రూమ్‌లోకి ఒక టవల్ తీసుకెళ్ళు. నవ్వకు, నిజంగానే చెబుతున్నాను. మందంగా మడిచి పొట్ట మీద పెట్టుకుని, దాని మీద టాప్ వేసుకుని, కూర్చో, రెండు చేతులూ ఎత్తు, వంగి చెప్పులు సర్దుకో. నిలబడి అద్దంలో చూసుకుంటే అన్నీ బాగానే ఉంటాయి. కూర్చున్నప్పుడే తెలుస్తుంది ఏది పట్టేస్తుందో.

ఇక ప్యాంట్లు. డబ్బు ఎక్కువ పెట్టాల్సింది వీటి మీదే, ఎందుకంటే పొరపాటు జరిగేదీ ఇక్కడే. నడుము పట్టీ రెండు రకాలుగా ఉంటుంది. ఒకటి పొట్ట కింద ఆగుతుంది, ఇంకోటి పొట్ట మొత్తాన్ని కప్పుతూ ఛాతీ కిందిదాకా వస్తుంది. చాలామంది మొదటి రకం ఇష్టపడతారు, గాలి ఆడుతుంది, ఉక్కపోయదు. రెండో రకం చివరి నెలల్లో పొట్టకి కాస్త ఆసరా ఇచ్చినట్టుంటుంది, కానీ కొందరికి ఛాతీ కింద వేడి. ఏది సుఖమన్నది నీ ఒంటిని బట్టి ఉంటుంది.

మీ అక్క విషయం చెబుతాను. దానికి లెక్కలు రాసుకునే అలవాటు. బొడ్డు మీదుగా టేపు పెట్టి కొలిస్తే 16వ వారంలో 33 అంగుళాలు, 28వ వారంలో 37, 37వ వారంలో 42. ప్రసవమైన వారానికి 38, ఆరు వారాలకి 35. అంటే ఒకే ప్యాంటు 33 నుంచి 42 దాకా వెళ్ళి మళ్ళీ 35కి రావాలి. షాపులో టేపు తీసి పట్టీని కొలిచింది. లాగకుండా పరిస్తే అడ్డంగా 15 అంగుళాలు, అంటే చుట్టూ 30. మెల్లగా లాగితే 22, అంటే 44. కింద 30, పైన 44, మధ్యలో తన కొలతలన్నీ ఇమిడిపోయాయి. అలాంటివి రెండు కొంది. పక్కన ఉన్న ఇంకో రకం లాగకుండా 14 అంగుళాలే, ఎంత లాగినా 19 దాటలేదు. మెత్తగా ఉంది, రంగు కూడా బాగుంది. కానీ ఏడో నెలకే గీతలు పడేలా పట్టేసేది.

మీ అక్క కొన్న రెండింటిలో ఒకటి పొట్ట కింద ఆగేది. తొమ్మిది నెలలూ దాన్నే ఇష్టంగా వేసుకుంది. తీరా ఆపరేషన్ అయ్యాక ఇంటికి వచ్చి వేసుకుంటే, పట్టీ సరిగ్గా కుట్ల మీద కూర్చుంది. సిజేరియన్ గాటు కింది పొట్ట మీద అడ్డంగా ఉంటుంది, పొట్ట కింద ఆగే పట్టీ కూడా అక్కడే. ఆ రోజు నుంచి ఎత్తు నడుము ఉన్న రెండోదే ఆదుకుంది. ఏ కాన్పు అవుతుందో ముందు ఎవరూ చెప్పలేరు కాబట్టి, నువ్వు కూడా ఒకటైనా కప్పే రకం కొను. వదులు ఎలాస్టిక్ ఉన్న ఎత్తు నడుము లోదుస్తులు కూడా నాలుగు ఆసుపత్రి సంచిలో పెట్టుకో. మామూలు కాన్పయినా పనికొస్తాయి, పెద్ద ప్యాడ్ నిలవాలంటే అవే కావాలి.

ఎలాస్టిక్ బిగుతా కాదా అనేదానికి నా పరీక్ష ఒకటే. ఇంట్లో పావుగంట వేసుకుని కూర్చుని విప్పి చూడు. చర్మం మీద లోతుగా ఎర్రగీత పడి ఉంటే అది నీది కాదు. లేత గుర్తు పడి వెంటనే పోతే పర్వాలేదు.

గుడ్డ సంగతి. మెత్తగా ఉందా అని చేత్తో తడిమి కొనేస్తాం, కానీ సాగి మళ్ళీ వెనక్కి రావడమే అసలు గుణం. లోపలి లేబుల్ చూడు. 95 శాతం కాటన్, 5 శాతం ఎలాస్టేన్ లేదా స్పాండెక్స్ అని ఉంటే మనకి బాగా కుదురుతుంది. కాటన్ చెమట పీలుస్తుంది, ఆ ఐదు శాతం సాగదీసి మళ్ళీ దగ్గరికి లాగుతుంది. అచ్చం కాటన్ నేత గుడ్డైతే సాగదు, వదులు మోడల్‌లోనే కొనాలి, పైగా మొదటి ఉతుకులో కాస్త కుంచించుకుపోతుంది కాబట్టి ఇప్పుడే అతుక్కున్నట్టున్నది వద్దు. రేయాన్ చల్లగా, జారుతూ ఉంటుంది, నైటీకి హాయి. కానీ తడిసినప్పుడు దాని బలం తగ్గుతుంది, గట్టిగా పిండితే ఆకారం పోతుంది. పాలియెస్టర్ ఎక్కువున్నది తొందరగా ఆరుతుంది గానీ చెమట పీల్చదు. గర్భంతో ఉన్నప్పుడు ఎలాగూ ఉక్కగా ఉంటుంది, కాన్పయ్యాక కొన్ని రాత్రులు పక్క తడిసేంత చెమట పోస్తుంది. ఒంటికి తగిలే గుడ్డ అదైతే దద్దుర్లు రావచ్చు.

షాపులో చిన్న పరీక్ష చెయ్. నాలుగు వేళ్ళ వెడల్పు గుడ్డ పట్టుకుని ఆరు వేళ్ళంత అయ్యేదాకా లాగి, కాసేపు అలాగే పట్టుకుని వదిలెయ్. వెంటనే మామూలుగా అయిపోతే మంచిదే. ఉబ్బినట్టు, అలలుగా ఉండిపోతే నెల తిరిగేసరికి మోకాళ్ళ దగ్గర సంచులు వేలాడతాయి. లాగిన గుడ్డని వెలుతురుకి పట్టి కూడా చూడు, అవతల నీ వేళ్ళు కనబడితే ఎనిమిదో నెలలో లోపలివీ కనబడతాయి. కొన్నాక వేడినీళ్ళలో నానబెట్టకు, పట్టీ మీద ఇస్త్రీ పెట్టకు, నీడలో ఆరెయ్. వేడికి ఆ ఐదు శాతం చచ్చిపోతుంది.

తర్వాతి సంగతి పాలివ్వడం. ఇప్పుడు కొనే ప్రతి టాప్, నైటీ రేపు పాలివ్వడానికి పనికొస్తుందా అని చూసే కొను, అప్పుడే డబ్బుకి న్యాయం. ముందు బొత్తాలు ఉన్నవి సరే, కానీ ఛాతీ కిందిదాకా తెరుచుకోవాలి. మధ్యలోనే ఆగితే బట్టంతా లాగి పక్కకి పెట్టుకోవాలి. రెండు పక్కలా నిలువు జిప్పులుంటే సుళువు, కాకపోతే జిప్పు మీద గుడ్డ పట్టీ ఉండాలి, లేకపోతే బిడ్డ బుగ్గకి గీసుకుంటుంది. కొనేముందు ఒక్క చేత్తో తెరిచి మూసి చూడు. రెండో చేతిలో బిడ్డ ఉంటుంది, అర్ధరాత్రి దీపం కూడా ఉండదు. రంగు సంగతికొస్తే, లేత బూడిద రంగులో పాల చుక్క పడితే ముదురు మచ్చలా కనబడుతుంది. ముదురు పూల ప్రింట్లు దాచేస్తాయి.

బ్రా మాత్రం ఇప్పుడే అన్నీ కొనకు. ఇప్పటికి వైరు లేనివి రెండు చాలు. పక్కటెముకల చుట్టు ఇంకా పెరుగుతుంది కాబట్టి, ఇవి బిగుతు హుక్కు దగ్గరే సరిపోవాలి, ఆ తర్వాత వదులు చేసుకుంటూ పోవచ్చు. పాలిచ్చే బ్రాలు 36వ వారం దాటాక కొను, అవి దీనికి సరిగ్గా వ్యతిరేకంగా, చివరి వదులు హుక్కు దగ్గర సరిపోవాలి. కాన్పయ్యాక ఆ చుట్టు తగ్గుతుంది, అప్పుడు బిగించుకుంటావు. కప్పులో కాస్త ఖాళీ ఉండనీ. మూడో రోజు అటూ ఇటూగా పాలు పడగానే రొమ్ములు బరువెక్కి గట్టిపడతాయి, బిగుతుగా ఉన్న బ్రా ఒకేచోట నొక్కితే అక్కడ పాలు గడ్డకట్టినట్టై నొప్పి వస్తుంది.

ఎన్ని కొనాలంటావా? నువ్విప్పుడు 16వ వారంలో ఉన్నావు. ప్యాంట్లు రెండు, టాప్‌లు మూడు, నైటీలు రెండు, అంతే. 28వ వారంలో మళ్ళీ టేపు పెట్టి చూసుకుని ఇంకో రెండు. ఇంటికి వచ్చేటప్పుడు వేసుకోవడానికి పాత జీన్స్ సంచిలో పెట్టకు. కాన్పయిన రోజు పొట్ట ఐదారు నెలల గర్భంలాగే ఉంటుంది, గర్భసంచి మామూలుకి రావడానికే ఆరు వారాలు పడుతుంది. ఏడో నెల ప్యాంటే పెట్టుకో.

ఆ రెండు టాప్‌లలో పచ్చదానికి ఛాతీ కింద కుచ్చులు ఉన్నట్టు అనిపించింది, ఫోటోలో సరిగ్గా తెలియలేదు. మంచం మీద పరిచి, సైడ్ కుట్టు కనబడేలా ఇంకో ఫోటో తీసి పంపు. అది మాత్రం మీడియంలో దొరికితే మార్చుకో.

నీ పెద్దమ్మ